అమీనా లేని డిక్రీ

దేశాల మధ్య ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే పట్టుకోవడానికి పోలీసు లేడు, జప్తు చేయడానికి అమీనా రాడు. అయినా కొన్ని ఒప్పందాలు యుద్ధమేఘాల కింద కూడా నడుస్తాయి. మరికొన్ని ఒక రాష్ట్ర గవర్నరు బల్ల దగ్గరే ఆగిపోతాయి. తేడా ఎక్కడ వస్తోంది?

2020 జనవరి 6న వాఘా సరిహద్దు గేటు దాటి 20 మంది తెలుగు జాలర్లు ఇటువైపు అడుగుపెట్టారు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల నుంచి పొట్ట చేతపట్టుకుని గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి, అక్కడి మరబోట్లలో కూలికి వేట చేసేవాళ్లు వీళ్లు. 2018 నవంబరు చివర్లో అరేబియా సముద్రంలో పాకిస్థాన్ గస్తీ సిబ్బందికి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో గడిపారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమా ఈ సంఘటన ఆధారంగా తీసిందే. సినిమా కాబట్టి అందులో ప్రేమ, పాటలు, జైల్లో కొట్లాటలు ఉన్నాయి. అసలు కథను ముందుకు నడిపిన వస్తువుకు మాత్రం తెర మీద పెద్దగా చోటు దొరకదు. అది ఒక జాబితా. పేరు, తండ్రి పేరు, ఊరు, అరెస్టు తేదీ ఉండే మామూలు కాగితం.

ఆ జాలర్లు లోపల ఉన్న కాలంలో బయట ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే ఆ కాగితం విలువ తెలుస్తుంది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి. 12 రోజుల తర్వాత బాలాకోట్‌పై భారత వైమానిక దాడి. ఆగస్టులో జమ్మూకశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తి రద్దు, దానికి జవాబుగా పాకిస్థాన్ మన హైకమిషనర్‌ను పంపించేయడం, వ్యాపారం ఆగిపోవడం, సంఝౌతా ఎక్స్‌ప్రెస్ నిలిచిపోవడం. రెండు దేశాల మధ్య తెగగలిగిన తీగల్లో చాలావరకు ఆ ఏడాదిలో తెగాయి. అయినా 2019 జులై 1న, మళ్లీ 2020 జనవరి 1న, ఎవరి జైళ్లలో ఎవరి పౌరులు ఎందరున్నారో తెలిపే జాబితాలు ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకే రోజున చేతులు మారాయి. ‘ఆపరేషన్ సిందూర్’ ముగిసి రెండు నెలలైనా నిండని 2025 జులై 1న కూడా మారాయి. ఏ కోర్టూ ఆదేశించలేదు, ఏ సైన్యమూ తుపాకి పెట్టి అడగలేదు.

అంతర్జాతీయ చట్టం అనగానే మనలో చాలామందికి కలిగే అనుమానం ఒక్కటే: అమలు చేసేవాడు లేనిది చట్టమెలా అవుతుంది? ఆ అనుమానంలో సగం నిజముంది. దేశం మెడ మీద కూర్చునే పై అధికారి నిజంగానే లేడు. కానీ ఒప్పందం అమలయిన చోటల్లా తరచి చూస్తే, దాన్ని అమలు చేసింది హేగ్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న శక్తి కాదు. సంతకం చేసిన దేశంలోపలే ఉన్న ఒక గుమస్తా, ఒక జైలరు, ఒక న్యాయమూర్తి, ఒక శాసనసభ. ఒప్పందం ఆ చేతుల దాకా చేరితే పనిచేస్తుంది. చేరే దారి మూసుకుపోతే, ఎంత స్పష్టంగా రాసుకున్న హామీ అయినా కాగితంగానే మిగులుతుంది. ఖైదీలకు సంబంధించిన ఒకే ఒక్క నిబంధన వెంట కరాచీ, హేగ్, టెక్సాస్, ఇస్లామాబాద్ తిరిగి వస్తే ఈ సంగతి బోధపడుతుంది.

ఒక నిబంధన, ఒక అనుబంధం

ఆ నిబంధన 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒడంబడికలోని 36వ అధికరణం. పరాయి దేశస్థుణ్ని అరెస్టు చేసినప్పుడు పోలీసులు చేయాల్సిన పనులు అందులో ఉన్నాయి. నీ దేశపు కాన్సులేట్‌కు కబురు చేసే హక్కు నీకుందని ఆలస్యం లేకుండా అతనికి చెప్పాలి. అతను కోరితే కబురు పంపాలి. కాన్సులేట్ అధికారులు వచ్చి మాట్లాడతామంటే, వకీలును పెట్టిస్తామంటే అడ్డుపడకూడదు. భాష తెలియని ఊళ్లో, ఎవరినడగాలో తెలియని స్టేషన్లో ఇరుక్కున్న మనిషికి ఇదెంత పెద్ద ఆసరానో గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన తెలుగు పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు.

భారత్, పాకిస్థాన్ రెండూ ఈ ఒడంబడికలో ఉన్నాయి. అది చాలదన్నట్టు 2008 మే 21న తమ మధ్య విడిగా ఒక చిన్న ఒప్పందం కూడా రాసుకున్నాయి. ఏటా జనవరి 1న, జులై 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలన్నది అందులోదే. పట్టుబడిన మూడు నెలల్లోగా కాన్సులర్ అధికారులను కలవనివ్వాలి. జాతీయత రుజువై, శిక్ష పూర్తయిన నెలలోగా విడిచిపెట్టి పంపేయాలి. జాబితా అందాక మన విదేశాంగ శాఖ ఆ పేర్లను రాష్ట్రాలకు పంపుతుంది, ఊరి పోలీసులు ఇంటికి వెళ్లి ఆనవాళ్లు సరిచూస్తారు, జాతీయత ఖరారయ్యాక ప్రయాణ పత్రాలు తయారవుతాయి. విడుదల అనే మాట వెనక ఉండే పని ఇది.

ఇందులో ఏ నిబంధన నిలబడింది, ఏది నిలబడలేదు అన్నది గమనించదగ్గ విషయం. జాబితాల మార్పిడి గడియారంలా నడుస్తోంది. నెలలోగా పంపేయాలన్నది మాత్రం నడవడం లేదు. 2025 జులైలో పాకిస్థాన్ ఇచ్చిన జాబితాలో 193 మంది మత్స్యకారులున్నారు. శిక్ష పూర్తయినా ఇంకా అక్కడే ఉన్న 159 మంది భారతీయ ఖైదీలను, జాలర్లను త్వరగా విడిచిపెట్టమని అదే రోజు మన విదేశాంగ శాఖ కోరింది. జాబితా ఇవ్వడానికి ఖర్చు లేదు, మొండికేస్తే అవతలివాళ్లూ ఇవ్వరు, తమవాళ్లు ఎక్కడున్నారో తమకూ తెలియదు. అందుకే ఇద్దరికీ ఇవ్వడమే లాభం. మనిషిని విడిచిపెట్టడం అలా కాదు. పట్టుకున్నవాడి చేతిలో ఆ మనిషి ఒక బేరపు వస్తువు. పరస్పర ప్రయోజనం అనే ఇంధనం ఉన్నంత మేరకే ఒప్పందం దానంతటది కదులుతుంది. అది అయిపోయిన చోట ఇంకో శక్తి కావాలి. 2008 ఒప్పందానికి ఆ శక్తి లేదు. తగవు వస్తే ఏ కోర్టుకు వెళ్లాలో అందులో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

సముద్ర చట్టం దగ్గరా ఇదే చిక్కు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక 73వ అధికరణం ప్రకారం, ఒక దేశపు ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపలు పట్టినందుకు విదేశీ జాలర్లకు జైలు శిక్ష వేయకూడదు, ఆ దేశాలు వేరేగా ఒప్పుకుంటే తప్ప. భారత్, పాక్ రెండూ ఆ ఒడంబడికలోనూ ఉన్నాయి. కానీ తీరానికి దగ్గరి ప్రాదేశిక జలాలకు ఆ రక్షణ వర్తించదు. సర్ క్రీక్ దగ్గర సరిహద్దు తేలలేదు కాబట్టి నీటి మీద గీత ఎక్కడుందో చెప్పేది పట్టుకున్న గస్తీ పడవే. రెండు వైపులా జైళ్లలో జాలర్లున్నారు కనుక ఈ సంగతిని గట్టిగా నిలదీయడానికి రెండు ప్రభుత్వాలకూ నోరు పెగలదు. పరస్పరత ఒప్పందాన్ని నిలబెట్టగలదు, ఇద్దరూ కలిసి దాన్ని పక్కనపెట్టేలా కూడా చేయగలదు.

హేగ్‌లో దొరికిన తలుపు

ఇదే 36వ అధికరణం కుల్‌భూషణ్ జాధవ్ విషయంలో కోర్టు దాకా వెళ్లింది. భారత నౌకాదళంలో పనిచేసిన ఈయనను 2016 మార్చి 3న బలూచిస్థాన్‌లో గూఢచర్యం చేస్తుండగా పట్టుకున్నామని పాకిస్థాన్ అంటుంది. రిటైరై ఇరాన్‌లో వ్యాపారం చేసుకుంటున్న మనిషిని అక్కడి నుంచి అపహరించారని భారత్ అంటుంది. మూడు వారాలకు గాని, అంటే మార్చి 25 దాకా, భారత్‌కు కబురే అందలేదు. అప్పటి నుంచి కలవనివ్వండని మన హైకమిషన్ పదేపదే అడిగింది, ఒక్కసారీ కుదరలేదు. 2017 ఏప్రిల్ 10న సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసిందన్న ప్రకటన వచ్చింది.

సరిగ్గా నాలుగు వారాలకు, మే 8న, భారత్ అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఇక్కడే దేశీయ చట్టానికీ దీనికీ ఉన్న మొదటి పెద్ద తేడా బయటపడుతుంది. మన మున్సిఫ్ కోర్టు పంపిన సమన్లకు ‘నాకు ఇష్టం లేదు, రాను’ అనే హక్కు ఏ ప్రతివాదికీ లేదు. హేగ్ కోర్టుకు మాత్రం, ప్రతివాది దేశం ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కాగితం మీద ఒప్పుకుని ఉంటే తప్ప, కేసు వినే అధికారమే ఉండదు. భారత్‌కు దొరికిన కాగితం వియన్నా ఒడంబడిక వెంట ఉన్న ఐచ్ఛిక ప్రోటోకాల్. ఈ ఒడంబడికపై తగవు వస్తే హేగ్‌కు వెళ్లవచ్చని అందులో సంతకాలు చేసిన దేశాలు ముందే ఒప్పుకున్నాయి. పాకిస్థాన్ 1976లో, భారత్ 1977లో అందులో చేరాయి. నలభై ఏళ్ల కిందట ఫైల్లో పడి ఉన్న సమ్మతి ఒక మనిషి ప్రాణానికి అడ్డుగా నిలిచింది.

పది రోజుల్లో, మే 18న, తుది తీర్పు దాకా ఉరి ఆపాలని కోర్టు ఏకగ్రీవంగా ఆదేశించింది. పాకిస్థాన్ ఆపింది. తుది విచారణలో పాక్ వాదనలు తేలిగ్గా తీసిపారేసేవి కావు. గూఢచారులకు కాన్సులర్ హక్కు వర్తించదని అంది. 2008 ఒప్పందంలోనే రాజకీయ, భద్రతా కారణాలతో చేసిన అరెస్టుల్లో యోగ్యతను బట్టి నిర్ణయించుకోవచ్చని రాసుకున్నాం కదా అని గుర్తు చేసింది. 2019 జులై 17న న్యాయస్థానం 15–1 తేడాతో పాక్ 36వ అధికరణాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. భిన్నంగా నిలిచిన ఒక్కరు పాకిస్థాన్ నియమించుకున్న తాత్కాలిక న్యాయమూర్తి. గూఢచర్య ఆరోపణ ఉన్నవారిని మినహాయించే మాట 36లో ఎక్కడా లేదని, ఇద్దరి మధ్య ఒప్పందం ఆ పెద్ద ఒడంబడికకు బలం చేకూర్చాలే గాని దాన్ని కొట్టేయలేదని కోర్టు వివరణ. మూడు వారాల జాప్యాన్ని కూడా తప్పుగానే లెక్కించింది.

అయితే భారత్ అడిగినవన్నీ రాలేదు. సైనిక కోర్టు తీర్పును రద్దు చేయమంది, విడుదల చేయించమంది. రెండూ తిరస్కరించింది న్యాయస్థానం. శిక్షను ‘ప్రభావవంతంగా సమీక్షించి, పునఃపరిశీలించాలి’, అవసరమైతే అందుకు చట్టం చేయాలి, ఎలా చేస్తారన్నది పాకిస్థాన్ ఇష్టం, అప్పటిదాకా ఉరి అమలు చేయకూడదు అని మాత్రమే చెప్పింది. పై కోర్టు కింది కోర్టు తీర్పును కొట్టేసినట్టు హేగ్ ఒక దేశపు కోర్టు తీర్పును కొట్టేయదు. అది దేశంతో మాట్లాడుతుంది, ఆ దేశం తన కోర్టులతో మాట్లాడుకోవాలి.

◆ అప్పుడు పాకిస్థాన్ వాది
*1999 ఆగస్టు 10న కచ్ ప్రాంతంలో పాకిస్థాన్ నౌకాదళ విమానం ‘అట్లాంటిక్’ను భారత వైమానిక దళం కూల్చింది. అందులోని 16 మందీ చనిపోయారు. పాక్ హేగ్‌కు వెళ్లింది. కామన్వెల్త్ సభ్యదేశాలతో తగవుల్లో న్యాయస్థానం పరిధిని తాము 1974 ప్రకటనలోనే ఒప్పుకోలేదని భారత్ వాదించింది. 2000 జూన్ 21న కోర్టు 14–2 తేడాతో తమకు పరిధి లేదని కేసు ముగించింది. తప్పెవరిదన్న ప్రశ్న దాకా విచారణ వెళ్లనే లేదు. 2017లో భారత్‌కు తెరుచుకున్న తలుపు, 2000లో భారత్ మూసిన తలుపు ఒకే భవనానివి.*

టెక్సాస్‌లో ఆగిన తీర్పు

జాధవ్ కేసులో వాడిన ‘సమీక్ష, పునఃపరిశీలన’ అన్న మాటలు కొత్తవి కావు. అంతకు పదిహేనేళ్ల ముందు అమెరికా మీద మెక్సికో వేసిన కేసులోనూ ఉన్నాయి. అమెరికాలో మరణశిక్ష పడిన తమ పౌరులకు అరెస్టు నాడు 36వ అధికరణం గురించి చెప్పలేదని 2003లో మెక్సికో హేగ్‌కు వెళ్లింది. 2004 మార్చి 31న వచ్చిన తీర్పు ప్రకారం 51 మంది విషయంలో ఉల్లంఘన రుజువైంది. వారిలో హోసే మెడెయిన్ ఒకడు. 1993లో హ్యూస్టన్‌లో ఇద్దరు అమ్మాయిలపై అత్యాచారం చేసి చంపిన ముఠాలోవాడు. నేరం ఒప్పుకున్నాడు. అతని మీద ఎవరికీ జాలి కలగదు, కలగాలని ఈ వాదన అడగడం లేదు. అతని దేశపు కాన్సులేట్‌కు ఈ సంగతి తెలిసింది మాత్రం 1997లో, శిక్ష పడి చాలా కాలమైన తర్వాత.

అమెరికా కోర్టులు అతనికి చెప్పిన జవాబు వింతైనది. ఈ హక్కు గురించి విచారణ సమయంలోనే అడగాల్సింది, అప్పుడు అడగలేదు కనుక ఇప్పుడు కుదరదు అన్నాయి. అలాంటి హక్కుందని ఆ సమయంలో ఎవరూ చెప్పలేదన్నదే అతని ఫిర్యాదు! హేగ్ తీర్పు తప్పుపట్టింది ఈ మెలికనే.

ఆ తర్వాతి కథ వింటే ‘అమెరికా బలవంతుడు, లెక్కచేయలేదు’ అని తేల్చేయడం కుదరదు. తీర్పును పాటించాలని 2005 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ స్వయంగా రాష్ట్రాల కోర్టులను ఆదేశించాడు. ఒకప్పుడు టెక్సాస్ గవర్నరుగా ఎన్నో మరణశిక్షలను అమలు కానిచ్చిన మనిషి ఆయన. ఆ ఆదేశాన్ని టెక్సాస్ ధిక్కరించింది. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. 2008 మార్చి 25న 6–3 తీర్పు వచ్చింది. హేగ్ తీర్పును పాటించాల్సిన బాధ్యత అంతర్జాతీయంగా అమెరికా మీద ఉందన్న విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ కాదనలేదు. కానీ ఐక్యరాజ్యసమితి నియమపత్రంలో ‘తీర్పును పాటించడానికి పూనుకుంటాం’ అని ఉన్నది ప్రభుత్వాలు ఇచ్చుకున్న మాట, కోర్టులకు నేరుగా ఇచ్చిన ఆజ్ఞ కాదు అన్నారు. దాన్ని దేశీయ చట్టంగా మార్చాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి, అధ్యక్షుడి ఉత్తరం చాలదు. కాంగ్రెస్ ఆ చట్టం చేయలేదు. మరణశిక్ష ఆపాలని అదే ఏడాది జులై 16న హేగ్ మళ్లీ ఆదేశించింది. ఆగస్టు 5న హంట్స్‌విల్ జైల్లో మెడెయిన్‌కు శిక్ష అమలైంది. అమెరికా ఆ ఆదేశాన్ని ఉల్లంఘించిందని 2009 జనవరిలో హేగ్ ప్రకటించింది. అప్పటికి ఆ ప్రకటన వల్ల మారేదేమీ లేదు.

పక్క రాష్ట్రం ఓక్లహోమాలో ఇదే తీర్పు ఇంకోలా పనిచేసింది. మెక్సికో జాబితాలోని ఓస్బాల్డో టోరెస్‌కు 2004 మే 18న మరణశిక్ష అమలు చేయాల్సి ఉంది. అయిదు రోజుల ముందు రాష్ట్ర క్రిమినల్ అప్పీళ్ల కోర్టు హేగ్ తీర్పు వెలుగులో దాన్ని ఆపింది. అదే రోజు గవర్నరు బ్రాడ్ హెన్రీ శిక్షను యావజ్జీవంగా తగ్గించారు. దేశం ఒకటే, ఒడంబడిక ఒకటే, తీర్పు ఒకటే. ఒక రాష్ట్రంలో దాన్ని అందుకునే చెయ్యి ఉంది, మరో రాష్ట్రంలో లేదు.

◆ భద్రతా మండలి ఏం చేస్తుంది?
*హేగ్ తీర్పును ఎవరైనా పాటించకపోతే గెలిచిన దేశం భద్రతా మండలికి వెళ్లవచ్చని ఐరాస నియమపత్రం 94వ అధికరణం చెబుతుంది. నికరాగువా ఆ దారి పట్టింది. 1986 జూన్ 27న అమెరికా మీద గెలిచి, తీర్పు అమలు చేయించమని మండలిని అడిగింది. అక్టోబరు 28న ఆ తీర్మానాన్ని వీటో చేసింది అమెరికాయే. ఓడిన ప్రతివాది చేతిలోనే అమలు కాగితం ఉండటం ఏ తాలూకా కోర్టులోనూ చూడం.*

అప్పు తీసుకున్నది ప్రభుత్వమే అయితే?

ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చినవాడు దావా వేసి డిక్రీ తెచ్చుకుంటాడు. బాకీదారు కదలకపోతే అమలు కోసం ఈపీ వేస్తాడు. అమీనా వచ్చి ఆస్తి జప్తు చేస్తాడు, అడ్డొస్తే పోలీసులు వస్తారు. దేశీయ చట్టం అనగానే మన కళ్లముందు కదిలేది ఈ బొమ్మే. ఇందులో బాకీదారు వేరు, వసూలు చేసేవాడు వేరు. ఒప్పందాల ప్రపంచంలో బాకీపడేది దేశం. అమీనా, పోలీసు, ఖజానా కూడా ఆ దేశం చేతిలోనే ఉంటాయి. అమలులో కనిపించే తేడాలన్నిటికీ మూలం ఈ ఒక్కటే.

కనుక ఇది చట్టం కాదు, మర్యాద మాత్రమే అనేవారికి ఒక ప్రశ్న వేయవచ్చు. మన హైకోర్టులో ఒక ఉద్యోగి రాష్ట్ర ప్రభుత్వం మీద కేసు గెలిస్తే దాన్ని అమలు చేసేదెవరు? ఆ ప్రభుత్వ పోలీసులు ఆ ప్రభుత్వ కార్యదర్శిని ఈడ్చుకు రారు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షను సైతం, ప్రభుత్వం మీద డిక్రీ వస్తే మూడు నెలలు గడిచినా చెల్లించనప్పుడే అమలు ప్రక్రియకు వీలిస్తుంది. ప్రభుత్వం మామూలు బాకీదారు కాదని చట్టమే ఒప్పుకుంటోందన్న మాట. ప్రభుత్వాలు నెలల తరబడి నాన్చుతాయి, కోర్టు ధిక్కార నోటీసు అందాక చెల్లిస్తాయి. అయినా హైకోర్టు తీర్పును చట్టం కాదని ఎవరూ అనరు. అంతర్జాతీయ చట్టాన్ని దొంగతనం కేసుతో పోల్చి చూడటం వల్ల అది బలహీనంగా కనిపిస్తుంది. ప్రభుత్వం తన మీద తానే అమలు చేసుకోవాల్సిన రాజ్యాంగ చట్టంతో పోలిస్తే దగ్గరి చుట్టరికం తెలుస్తుంది.

దీనికి గట్టి ఎదురు ప్రశ్నే ఉంది. ఇంట్లో ప్రభుత్వం మొండికేస్తే కోర్టు ధిక్కారం ఉంది, ప్రతిపక్షం ఉంది, ఎన్నికలున్నాయి. బయట దేశం మొండికేస్తే ఏముంది? నిజమే. ఆ సంస్థలన్నీ దేశం లోపలివే. అందుకే ఒప్పందం వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకోగలిగితేనే నడుస్తుందన్నది. మన రాజ్యాంగం 253వ అధికరణం ఒప్పందాలను అమలు చేయడానికి చట్టం చేసే అధికారాన్ని, అది రాష్ట్రాల జాబితాలోని విషయమైనా సరే, పార్లమెంటుకు ఇచ్చింది. అలాంటి తాళంచెవే తన దగ్గర ఉన్నా అమెరికా కాంగ్రెస్ తిప్పలేదు. తాళంచెవి చేతిలో ఉండటం ఒకటి, తిప్పాలన్న ఇష్టం ఉండటం మరొకటి.

బలవంతులు తప్పించుకుంటారన్న రెండో అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టేయలేం, కొట్టేయకూడదు. 1979లో టెహ్రాన్‌లో తమ దౌత్య సిబ్బందిని బందీలుగా పట్టుకున్నప్పుడు ఇరాన్ మీద హేగ్‌కు వెళ్లడానికి అమెరికా వాడుకున్నవాటిలో ఈ ఐచ్ఛిక ప్రోటోకాల్ కూడా ఉంది. మెక్సికో చేతిలో ఓడాక, 2005 మార్చిలో, అదే ప్రోటోకాల్ నుంచి బయటికి వచ్చేసింది. కోర్టు తలుపు మూసినా ఒడంబడికను మాత్రం వదల్లేదు. వదిలితే ప్రపంచమంతా తిరిగే తమ పౌరులకు పరాయి జైళ్లలో దిక్కుండదు. 2014 డిసెంబరు నుంచి అమెరికా ఫెడరల్ కోర్టుల నియమాల్లో, మొదటిసారి హాజరుపరిచిన నిందితుడికి కాన్సులేట్ సంగతి చెప్పాలన్న వాక్యం చేరింది. మెడెయిన్‌కు అందనిది తర్వాతివాళ్లకు, హేగ్ ఆజ్ఞగా కాక అమెరికా సొంత నియమంగా అందింది.

తీర్పు ఇస్లామాబాద్ చేరాక

టెక్సాస్, ఓక్లహోమా దారుల్లో పాకిస్థాన్ ఏది పట్టింది? తీర్పు వచ్చిన దాదాపు ఏడు వారాలకు, 2019 సెప్టెంబరు 2న, భారత తాత్కాలిక హైకమిషనర్ గౌరవ్ అహ్లూవాలియాను జాధవ్‌ను కలవనిచ్చింది. మూడేళ్లుగా కాదన్న పని అది. 2020 మేలో విదేశీ ఖైదీ హైకోర్టులో సమీక్ష కోరేందుకు వీలిచ్చే ఆర్డినెన్సు తెచ్చింది. 2021 నవంబరులో పార్లమెంటు ఉభయ సభల సమావేశంలో అది చట్టమైంది. అక్కడి ప్రతిపక్షం ఇది జాధవ్‌కు చేస్తున్న ఉపకారమని దుయ్యబట్టింది. చట్టం చేయకపోతే భారత్ భద్రతా మండలికి వెళ్తుందని, హేగ్‌లో ధిక్కారం కింద కేసు వేస్తుందని న్యాయశాఖ మంత్రి జవాబిచ్చారు. అమీనా రాడని తెలిసిన ప్రభుత్వం కూడా సొంత పార్లమెంటులో ఆ భయాన్నే కారణంగా చూపింది.

కాగితం మీద ఇది టెక్సాస్ కంటే చాలా ముందున్న సంగతి. అమెరికా కాంగ్రెస్ చేయనిది పాక్ పార్లమెంటు చేసింది. ఆచరణలో మాత్రం చిక్కుముడి విడలేదు. 2020 జులైలో రెండోసారి కలవనిచ్చినప్పుడు అడ్డంకులు లేకుండా మాట్లాడనివ్వలేదని భారత్ అంది. జాధవ్ సమీక్ష వద్దన్నాడని, క్షమాభిక్షే చాలన్నాడని పాక్ చెప్పింది. బెదిరించి చెప్పించారని భారత్ జవాబు. భారత వకీలును అనుమతించాలన్న కోరికను పాక్ ఒప్పుకోలేదు. దాంతో పాక్ ప్రభుత్వమే ఇస్లామాబాద్ హైకోర్టుకు వెళ్లి వకీలును నియమించమని అడిగింది. భారత్ ఆ విచారణలో కలవలేదు. కలిస్తే ఆ ప్రక్రియనంతా ఒప్పుకున్నట్టవుతుందన్నది దాని జంకు.

ఈ జంకు సబబైనదే అనిపిస్తుంది, అయినా దానికో మూల్యం ఉంది. సమీక్ష ‘ప్రభావవంతంగా’ జరగాలని హేగ్ అంది, ఎంత చేస్తే ప్రభావవంతం అవుతుందో కొలమానం ఇవ్వలేదు. ఆ మాటకు అర్థం చెప్పమని మళ్లీ హేగ్‌కు వెళ్లే వీలు న్యాయస్థానం నిబంధనల్లో ఉంది. 2008లో మెక్సికో అదే చేసింది. తీర్పు అర్థం గురించి మీ మధ్య భేదమే లేదని కోర్టు ఆ కోరికను తోసిపుచ్చింది. భారత్ ఇప్పటిదాకా ఆ తలుపు తట్టలేదు. ఈలోగా తీర్పులోని ఒక భాగం ఆగిపోయి ఉంటే, ఇంకో భాగం అందువల్లే అమలవుతోంది. సమీక్ష పూర్తయ్యేదాకా ఉరి తీయకూడదన్నది షరతు, ఆ సమీక్ష ముగియలేదు.